పెద్దవాళ్ళకు హెల్త్ పాలసీ గురించి నెలల్లో కాదు, తేదీల్లో చెప్పండి

అరవై దాటినవాళ్ళకు హెల్త్ ఇన్సూరెన్స్ అమ్మేటప్పుడు ఎక్కువగా వినిపించే మాటలు రెండు. ఒకటి, "అన్నీ కవర్ అవుతాయండీ, మీరేం కంగారు పడకండి." రెండోది, "మొదటి రెండేళ్ళు కొంచెం జాగ్రత్తగా ఉండాలంతే." మొదటిది అబద్ధం. రెండోది సగం నిజం, అందుకే ఎక్కువ నష్టం దానితోనే. రెండేళ్ళు ఆగి, సరిగ్గా రెండేళ్ళ రెండు నెలలకు మోకాలి ఆపరేషన్‌కి చేరితే క్యాష్‌లెస్ నిరాకరిస్తారు. "రెండేళ్ళయిపోయాయిగా?" అని ఆ పెద్దాయన అడిగితే పక్కనున్న పిల్లల దగ్గర కూడా జవాబుండదు.

నా వాదన ఇది. పెద్దవాళ్ళకు పాలసీ గురించి చెప్పేటప్పుడు 24 నెలలు, 36 నెలలు అని చెప్పడం చెప్పకపోవడంతో సమానం. ఏ జబ్బుకి ఏ తేదీ నుంచి డబ్బు వస్తుందో, ఎంత వరకు వస్తుందో, దేనికి ఎప్పటికీ రాదో క్యాలెండర్ తేదీలతో ఒక కాగితం మీద రాసి పాలసీకి పిన్ను చేసి ఇవ్వాలి. అలా రాయడానికి కూర్చుంటే చెప్పేవాళ్ళకు కూడా తమకు ఏది తెలియదో బయటపడుతుంది.

ముందు ఆ గడువులు, అంటే క్లెయిమ్ ఇవ్వకుండా కంపెనీ ఆగమనే కాలాలు, ఎన్ని రకాలో చూద్దాం. పాలసీ పుస్తకంలో అవి Excl01, Excl02, Excl03 అనే కోడ్‌లతో ఉంటాయి. ఇవి బీమా కంపెనీల్ని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన కోడ్‌లు కాబట్టి ఏ కంపెనీ పాలసీ తెరిచినా ఇవే కనిపిస్తాయి. వరస తిరగేసి చిన్న గడువు నుంచి చెబితే పెద్దవాళ్ళకు తేలిగ్గా ఎక్కుతుంది.

Excl03 అంటే మొదటి 30 రోజులు. పాలసీ మొదలైన కొత్తలో జ్వరం వచ్చినా, న్యుమోనియా వచ్చినా ఇవ్వరు. ప్రమాదం జరిగితే మాత్రం మొదటి రోజు నుంచే ఇస్తారు.

Excl02 అంటే పేర్లు రాసిపెట్టిన జబ్బులు, ఆపరేషన్ల జాబితా. కంటి శుక్లాలు, హెర్నియా, వరిబీజం, మొలలు, ప్రోస్టేట్ వాపు, గాల్ బ్లాడర్ రాళ్ళు, కిడ్నీలో రాళ్ళు, అరుగుదల వల్ల చేసే మోకాలి, తుంటి మార్పిడులు లాంటివి ఇందులో ఉంటాయి. చాలా పాలసీల్లో దీని గడువు 24 నెలలు. కొన్నిటిలో కీళ్ళ మార్పిడికి విడిగా 36 నెలలు రాసి ఉంటుంది. పెద్దవాళ్ళు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు. ఈ జాబితాలో ఉన్న జబ్బు పాలసీ తీసుకున్న తర్వాత కొత్తగా వచ్చినా గడువు వర్తిస్తుంది. "నాకు అప్పుడు కళ్ళు బాగానే ఉన్నాయి కదా" అన్నది ఇక్కడ పనికొచ్చే వాదన కాదు. జబ్బు ఎప్పుడు వచ్చిందన్నది కాక, దాని పేరు జాబితాలో ఉందా లేదా అన్నదే లెక్క.

Excl01 అంటే పాలసీకి ముందు నుంచీ ఉన్న జబ్బులు. బీపీ, షుగరు, థైరాయిడ్, ఆస్తమా లాంటివి. పాలసీ మొదలయ్యే తేదీకి ముందు 36 నెలల్లో డాక్టరు ఫలానా జబ్బు అని తేల్చినా, మందు రాసినా, వైద్యం చేసినా అది ముందే ఉన్న జబ్బు కింద లెక్క. దీనికి గడువు గరిష్ఠంగా 36 నెలలు. 2024 ఏప్రిల్‌కి ముందు ఈ గరిష్ఠం 48 నెలలుండేది, ఐఆర్‌డీఏఐ తగ్గించింది. పాత పాలసీ కాగితాల్లో 48 కనిపిస్తే రెన్యువల్ అప్పుడు మారిందో లేదో అడగాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణకి ఈ మూడూ కలిపి చూద్దాం. ఒక పెద్దావిడ, వయసు 66, అనుకుందాం. పాలసీ మొదలైంది 2024 జూలై 10న, 5 లక్షలకి. ప్రపోజల్ ఫారంలో బీపీ, షుగరు ఉన్నాయని రాశారు. అంతకు ఏడాది ముందు మోకాళ్ళ నొప్పికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నారు, కీళ్ళ అరుగుదల అని చీటీ మీద రాశారు. అది కూడా ఫారంలో రాశారు. కళ్ళకు అప్పటికి ఏ సమస్యా లేదు. జాబితా జబ్బులకు 24 నెలలు, ముందున్న జబ్బులకు 36 నెలలు అని పాలసీలో ఉంది.

డెంగీతో చేరితే 2024 ఆగస్టు 9 నుంచి వస్తుంది. కంటి శుక్లం ఆపరేషన్‌కి 2026 జూలై 10 నుంచి వస్తుంది. షుగరు వల్ల కాలికి పుండు పడి చేరాల్సి వస్తే 2027 జూలై 10 నుంచి.

మరి మోకాలు? జాబితాలో ఉంది కాబట్టి 24 నెలలు, అంటే 2026 జూలై 10 అని లెక్క వేస్తే తప్పు. ఆ అరుగుదల పాలసీకి ముందే డాక్టరు తేల్చింది కాబట్టి అది Excl01 కిందికి కూడా వస్తుంది. ఒకే జబ్బు రెండు గడువుల కిందికీ వస్తే ఎక్కువ ఉన్న గడువే వర్తిస్తుందని Excl02లోనే ఒక వాక్యం ఉంది. కాబట్టి ఆవిడ మోకాలికి తేదీ 2027 జూలై 10. పైన చెప్పిన పెద్దాయన క్లెయిమ్ దెబ్బతినేది ఈ ఒక్క వాక్యం వల్లే. అదే ఎక్స్‌రే పాలసీ తర్వాత, మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు తీయించుకుని ఉంటే 24 నెలలకే వచ్చేది.

ఆవిడకి ఇది చెప్పాల్సిన తీరు ఇలా ఉండాలి: "పిన్నిగారూ, కంటి ఆపరేషన్‌కి 2026 జూలై 10 నుంచి కంపెనీ డబ్బిస్తుంది. మోకాలికి మాత్రం ఇంకో ఏడాది ఆగాలి, 2027 జూలై 10. ఆ తేదీకి ముందు రోజు చేరినా ఇవ్వరు." చివరి మాట తప్పకుండా చెప్పాలి. ఆపరేషన్ పదో తారీఖు పొద్దున్న కదా అని తొమ్మిదో తారీఖు సాయంత్రమే అడ్మిట్ అయిపోతారు. కంపెనీ చూసేది అడ్మిషన్ తేదీని. ముందుగా అనుకుని చేయించుకునే ఆపరేషన్ అయితే గడువు దాటాక ఒక వారం ఆగి చేరడమే మంచిది.

ఇక్కడ తేదీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో కూడా చూపించాలి. ప్రతి ఏడాదీ రెన్యువల్ కాగితం మీద పెద్ద అక్షరాలతో ఉండేది ఆ ఏడాది మొదలయ్యే తేదీ. అది పనికిరాదు. మొట్టమొదటి పాలసీ మొదలైన తేదీ అదే కాగితంలో ఎక్కడో చిన్నగా విడిగా ఉంటుంది. దాన్ని వేలు పెట్టి చూపించి, పెన్నుతో చుట్టాలి. మధ్యలో కంపెనీ మారి పోర్ట్ చేసుకుని ఉంటే పాత కంపెనీలో గడిచిన కాలం కూడా కలవాలి. కొత్త కంపెనీ కాగితంలో ఆ పాత తేదీ పడకపోతే, జబ్బు చేసినప్పుడు కాదు, పాలసీ చేతికొచ్చిన వారంలోనే ఈమెయిల్ పెట్టి సరిచేయించుకోవాలి.

తర్వాతిది, దాదాపు ఎవరూ చెప్పని సంగతి. రెండేళ్ళు గడిచాక, 2026 జూలై రెన్యువల్‌లో, పిల్లలు 5 లక్షల పాలసీని 10 లక్షలకు పెంచారనుకోండి. మంచి పనే. కానీ పెంచిన 5 లక్షలకు గడువులన్నీ మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఆ కొత్త 5 లక్షలకి జాబితా జబ్బుల తేదీ 2028 జూలై 10, ముందున్న జబ్బుల తేదీ 2029 జూలై 10. కాబట్టి 2027 ఆగస్టులో రెండు మోకాళ్ళూ ఒకేసారి చేయించుకుని బిల్లు 6 లక్షలైతే, పాలసీ మీద 10 లక్షలు అని ఉన్నా ఆ ఆపరేషన్‌కి కంపెనీ లెక్క 5 లక్షల దగ్గరే ఆగుతుంది. మిగతా లక్ష చేతి నుంచి పెట్టుకోవాలి. ఈ కుటుంబం చూసుకుంటున్నది 10 లక్షల అంకెని, కంపెనీ చూసేది ఆ అంకెలో ఏ భాగానికి ఎంత వయసొచ్చిందో. అందుకే ఆ కాగితం మీద ప్రతి జబ్బు పక్కనా తేదీతో పాటు "ఎంత వరకు" అని కూడా రాయాలి. కంటి ఆపరేషన్‌కి కొన్ని పాలసీల్లో కన్నుకింత అని విడిగా పరిమితి ఉంటుంది, అది కూడా అక్కడే పడాలి.

గడిచిన కాలమంతా పోయేది ఒకే కారణంతో: రెన్యువల్ తప్పిపోవడం. ఏడాదికోసారి కట్టే పాలసీకి 30 రోజుల గ్రేస్ ఉంటుంది, నెలనెలా కట్టేదానికి 15 రోజులు. గ్రేస్‌లో కడితే పాత కాలం నిలుస్తుంది. అయితే ఏడాది పాలసీలో గడువు తేదీకీ మీరు కట్టిన తేదీకీ మధ్య ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు రాదు. గ్రేస్ కూడా దాటితే మూడేళ్ళ ఓపిక మొత్తం సున్నా, మళ్ళీ 30 రోజుల దగ్గర్నుంచి మొదలు. ఆటో డెబిట్ పెట్టాం కదా అని వదిలేసి, కార్డు గడువు తీరిన సంగతి మరిచిపోయే పిల్లలు ఎంతోమంది ఉన్నారు.

ఇవన్నీ "ఎప్పుడు" అనే ప్రశ్నలు. "ఎప్పటికీ రాదు" అనేవి వేరే, వాటిని విడి కాగితం మీద రాయడం నయం. రెండూ కలిపి చెబితే పెద్దవాళ్ళు ఒకదాన్ని ఇంకోటనుకుంటారు. ఆ జాబితాలో సాహస క్రీడలు, సంతానలేమి చికిత్సలు లాంటివి చదివి వినిపించి ఆయాసపడనక్కర్లేదు. డెబ్బై ఏళ్ళ మనిషికి నిజంగా తగిలేవి రెండు మూడే.

అన్నిటికంటే ఎక్కువ తగిలేది Excl04, పరీక్షల కోసమే చేరడం. ఛాతీలో పట్టేసినట్టుందని రాత్రి తీసుకెళ్తారు. రెండు రోజులుంచి ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు చేసి, అంతా బాగానే ఉంది, గ్యాస్ అని పంపేస్తారు. బిల్లు నలభై వేలు. కంపెనీ రాసే జవాబు: పరీక్షలు, పరిశీలన కోసమే అడ్మిషన్, ఇవ్వం. ప్రాణభయంతో వెళ్ళినవాళ్ళకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. ఇక్కడ తేడా తెచ్చేది డిశ్చార్జ్ సమ్మరీ. నొప్పి ఎంతుంది, బీపీ ఎంతకు పెరిగింది, సెలైన్‌లో ఏ మందులు ఎక్కించారు, ఇంటి దగ్గరుంచి చూసే పరిస్థితి ఎందుకు కాదు అన్నవి నిజంగా జరిగినవి జరిగినట్టు డాక్టరు రాస్తే, అది పరీక్షల కోసం చేరడం కాదని వాదించొచ్చు. "అబ్జర్వేషన్ కోసం చేర్చుకున్నాం" అని ఒక్క ముక్క రాసి పంపిస్తే వాదనకి చోటుండదు.

రెండోది Excl05, విశ్రాంతి కోసం, కేవలం సపర్యల కోసం చేరడం. పక్షవాతం తర్వాత మంచానపడిన మనిషిని చూసుకోవడానికి పెట్టుకునే ఆయా జీతం, వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంచిన ఖర్చు ఇందులోకి వస్తాయి. ఆసుపత్రి వైద్యం ఖర్చుకీ, తర్వాత మనిషిని చూసుకునే ఖర్చుకీ తేడా ఉందని ముందే తెలిస్తే, రెండోదానికి డబ్బు విడిగా దాచుకుంటారు.

మూడోది కోడ్‌ల పేజీలో కనిపించదు. కిడ్నీల దీర్ఘకాలిక వ్యాధి, పార్కిన్సన్స్, అల్జీమర్స్ లాంటి కొన్ని జబ్బులు ముందే ఉంటే, పాలసీ తీసుకునేవాళ్ళ సమ్మతితో ఆ జబ్బుని శాశ్వతంగా మినహాయించి మిగతావాటికి పాలసీ ఇవ్వడానికి కంపెనీకి వీలుంది. ఆ సమ్మతి చాలాసార్లు ఫోన్‌కి వచ్చిన లింకులో ఓటీపీ కొట్టడంతో అయిపోతుంది. పెద్దాయన ఓటీపీ చెప్పారు, అంతే. కాబట్టి పాలసీ షెడ్యూల్‌లో ఆయన పేరు ఉన్న వరుసలో ఏదైనా జబ్బు పేరు రాసి ఉందేమో చూడాలి. ఉంటే దానికి ఏ తేదీ వర్తించదు. ఒప్పుకోలేకపోతే పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. మధ్యలో కవర్ అయిన రోజుల ప్రీమియం, మెడికల్ పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ లాంటివి పట్టుకుని మిగతాది తిరిగిస్తారు.

ఇంకో విషయంలో పెద్దవాళ్ళకి ఎప్పుడూ అనుమానమే: జారి పడితే? బాత్రూమ్‌లో పడి తుంటి ఎముక విరిగితే అది ప్రమాదం, ఏ గడువూ లేదు. అదే తుంటి మార్పిడి అరుగుదల వల్లయితే 24 లేదా 36 నెలలు. ఆపరేషన్ ఒకటే, కారణం వేరు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు మొదట రాసే నాలుగు ముక్కల్లో "జారి పడ్డారు, ఫలానా టైముకి" అని ఉండటం అందుకే ముఖ్యం. కంగారులో "కాలు నొప్పంటున్నారు" అని మాత్రం చెప్పి రాయిస్తే, ఎముకలు గుల్లబారి విరిగిందని కంపెనీ అనడానికి అవకాశం ఇచ్చినట్టే.

ఆ మొదటి నాలుగు ముక్కల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నిజాయితీగా ఉన్నవాళ్ళ క్లెయిములు కూడా ఇక్కడ పోతుంటాయి. అడ్మిషన్ టైములో షుగరు ఎన్నాళ్ళుగా ఉందని అడుగుతారు. పక్కనున్న మనవడు "పదేళ్ళ నుంచీ ఉందండీ" అనేస్తాడు. కేస్ షీట్‌లో పదేళ్ళని పడుతుంది. ఫారంలో నాలుగేళ్ళని రాశారు. కంపెనీ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మీరు నిజం దాచారు అంటుంది. నిజానికి మొదటి షుగర్ పరీక్ష చీటీ ఇంట్లో బీరువాలోనే ఉంటుంది. కాబట్టి తేదీల కాగితం కిందే "షుగరు మొదట తెలిసిన నెల, బీపీ మొదట తెలిసిన నెల" అని రెండు లైన్లు రాసి, పాత చీటీల జిరాక్సు జత చేయాలి. ఎవరు అడిగినా ఆ కాగితం చూసి చెప్పాలి, గుర్తున్నది చెప్పకూడదు. పొరపాటుగా పడిందని తెలిస్తే డిశ్చార్జ్ కాకముందే డాక్టర్ని అడిగి, పాత చీటీ చూపించి దిద్దించుకోవాలి.

ఫారంలో దాచమని సలహా ఇచ్చే ఏజెంట్లుంటారు. "బీపీ అందరికీ ఉండేదే, రాయక్కర్లేదండీ" అంటారు. రాస్తే ఆవిడకి 36 నెలల తర్వాత ఖాయంగా వస్తుంది. రాయకపోతే ఆ 36 నెలల గడువు దాటినా రాదు, ఎందుకంటే Excl01 ప్రకారం గడువు తర్వాత ఇచ్చేది ముందే చెప్పి, కంపెనీ ఒప్పుకున్న జబ్బులకే. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక మాత్రం, మోసం నిరూపిస్తే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదని నియమం ఉంది. మన ఉదాహరణలో అది 2029 జూలై 10. ఆలోపు ఐదేళ్ళూ భయంతో గడపాలి, అదీ అరవై ఆరేళ్ళ వయసులో. ఆ ఏజెంటు అప్పటికి ఫోన్ ఎత్తుతాడన్న నమ్మకం నాకు లేదు. ఇప్పటికే దాచి ఉంటే, రెన్యువల్ దాకా ఆగకుండా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పడం మంచిది. ప్రీమియం పెరగొచ్చు, గడువు పెట్టొచ్చు, కాదనే ప్రమాదం కూడా లేకపోలేదు. అయినా ఐసీయూ బయట నిలబడి తెలుసుకోవడం కంటే ఇది నయం.

ఈ కాగితం రాయడానికి యాభై పేజీల పాలసీ పుస్తకం చదవక్కర్లేదు. దానితో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని కొన్ని పేజీల పత్రం వస్తుంది. గడువులు, మినహాయింపులు, పరిమితులు అందులో క్లుప్తంగా ఉంటాయి. అడిగితే దాన్ని స్థానిక భాషలో ఇవ్వాలన్నది ఐఆర్‌డీఏఐ నియమం. తెలుగులో పంపమని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. వచ్చే తెలుగు అంత సాఫీగా ఉండకపోవచ్చు గానీ, నెలల అంకెలు అందులో దొరుకుతాయి, తేదీలు మీరు వేసుకోవచ్చు.

తిరస్కరణ వస్తే ముందు చూడాల్సింది అది దేనికన్నది. క్యాష్‌లెస్ కుదరదన్నారంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. డబ్బు కట్టి, తర్వాత బిల్లులు పెట్టి రీయింబర్స్‌మెంట్ అడగొచ్చు. క్లెయిమే తిరస్కరిస్తే ఆ లెటర్‌లో ఏ క్లాజు కింద అన్నది ఉండాలి. Excl02 అని ఉంటే మన కాగితం మీది తేదీతో పోల్చండి. Excl01 అని ఉంటే వాళ్ళు దేన్ని ముందున్న జబ్బు అంటున్నారో చూడండి. బీపీ ఉన్న మనిషికి గుండెపోటు వస్తే బీపీ వల్లేనని రాసేస్తుంటారు. క్లాజులో ఉన్నది ఆ జబ్బు, దానివల్ల నేరుగా వచ్చే ఉపద్రవాలు అని. నేరుగా అవునా కాదా అన్నది చికిత్స చేసిన డాక్టరు రాతపూర్వకంగా చెప్పాల్సిన మాట, ఆ లెటర్ సంపాదించండి. దాంతో గెలుస్తామన్న హామీ లేదు, అది లేకుండా మాత్రం వాదనే లేదు.

ఆ లెటర్‌తో మొదట కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్ bimabharosa.irdai.gov.in లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు, ఫోన్‌లో అయితే 155255. కంపెనీ నెలలోపు జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా, బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్ళొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్ళకి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్ళాలి, ఆ తేదీని కూడా అదే కాగితం మీద రాసుకోండి.